బైక్ లోన్‌కి 83 పైసల వడ్డీనే అంటున్నారా..? మీరు అసలు కట్టేది రూపాయిన్నర! ఫ్లాట్ రేటు వెనకున్న లెక్క ఇదీ

బైక్ షోరూమ్‌లో ఫైనాన్స్ టేబుల్ దగ్గర కూర్చుంటే మొదట వినిపించే మాట ఒకటే. "వడ్డీ జస్ట్ 10 శాతం సార్.. నెలకి 83 పైసలే పడుతుంది." బయట అప్పు తెచ్చుకుంటే రెండు రూపాయల వడ్డీ. అది చూసుకుంటే 83 పైసలంటే చాలా తక్కువే అనిపిస్తుంది. సంతకాలు పెట్టేస్తాం, బండి తెచ్చుకుంటాం.

కానీ ఆ 10 శాతం ముందు ఉండాల్సిన ఒక మాట చాలాసార్లు వినిపించదు. అదే 'ఫ్లాట్'. ఫ్లాట్ రేటులో చెప్పే 10 శాతం, బ్యాంకులు సాధారణంగా చెప్పే 10 శాతం ఒకటి కాదు. మూడేళ్ల లోన్‌పై 10 శాతం ఫ్లాట్ అంటే అసలు పడే వడ్డీ దాదాపు 18 శాతం. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు రూపాయిన్నర. ఇదెలా జరుగుతుందో, దాన్ని ఫోన్‌లోనే ఎలా లెక్కేసుకోవాలో చూద్దాం.

ఫ్లాట్ రేటు అంటే ఏంటి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. వరంగల్‌లో ఓ యువకుడు డెలివరీ పని కోసం బైక్ కొంటున్నాడు అనుకుందాం. ఆన్‌రోడ్ ధర లక్షా 10 వేలు. చేతిలో ఉన్న 30 వేలు డౌన్ పేమెంట్ కట్టాడు. మిగతా 80 వేలు లోన్. గడువు 36 నెలలు. వడ్డీ 10 శాతం ఫ్లాట్.

ఫ్లాట్ లెక్క చాలా సింపుల్. 80 వేలకు ఏడాదికి 10 శాతం అంటే 8 వేలు. మూడేళ్లకు 24 వేలు. అసలు, వడ్డీ కలిపితే లక్షా 4 వేలు. దాన్ని 36తో భాగిస్తే నెలకు 2,889 రూపాయల ఈఎమ్ఐ. కాగితం మీద ఎక్కడా తప్పు కనిపించదు. 10 శాతం అన్నారు, 10 శాతమే వేశారు.

మెలిక ఎక్కడుందంటే, ఈ లెక్కలో మూడేళ్లూ వడ్డీ పూర్తి 80 వేల మీదే పడింది. కానీ ఆ యువకుడి దగ్గర 80 వేలు మూడేళ్లూ ఉండవు కదా! మొదటి నెల ఈఎమ్ఐ కట్టిన రోజు నుంచే అసలు తగ్గుతూ వస్తుంది. ఏడాది తర్వాత ఇంకాస్త తగ్గుతుంది. ఫైనాన్స్ కంపెనీకి తిరిగి ఇచ్చేసిన డబ్బు మీద కూడా వడ్డీ కడుతూనే ఉంటాడన్నమాట.

చివరి నెలలో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఫ్లాట్ లెక్క ప్రకారం ఈఎమ్ఐని విడదీస్తే అసలు 2,222, వడ్డీ 667. అంటే 36వ నెలలో మిగిలిన బాకీ 2,222 రూపాయలే. దానికి ఆ ఒక్క నెల వడ్డీ 667! నూటికి నెలకు 30 రూపాయల వడ్డీ లెక్క. ఊళ్లో ఎవరైనా అంత వడ్డీ అడిగితే గొడవ అయిపోతుంది. ఇక్కడ అది ఈఎమ్ఐలో కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఎవరికీ కనిపించదు.

రెడ్యూసింగ్ బ్యాలెన్స్‌లో ఎలా ఉంటుంది?

రెడ్యూసింగ్ బ్యాలెన్స్ అంటే తగ్గుతున్న బాకీ మీద వడ్డీ. ఏ నెలకు ఎంత అసలు మిగిలి ఉంటే, ఆ నెలకు దాని మీదే వడ్డీ వేస్తారు. ఇళ్ల లోన్లు, బ్యాంకుల్లో తీసుకునే పర్సనల్ లోన్లు సాధారణంగా ఈ పద్ధతిలోనే ఉంటాయి.

అదే 80 వేలు, అదే 36 నెలలు, 10 శాతమే కానీ రెడ్యూసింగ్ అనుకుందాం. మొదటి నెల వడ్డీ ఇక్కడ కూడా 667 రూపాయలే. ఎందుకంటే ఆ నెల బాకీ నిజంగానే 80 వేలు. కానీ రెండో నెల నుంచి తగ్గడం మొదలవుతుంది. చివరి నెలకు వచ్చేసరికి వడ్డీ దాదాపు 21 రూపాయలే ఉంటుంది.

ఈ పద్ధతిలో ఈఎమ్ఐ 2,581 రూపాయలు పడుతుంది. మూడేళ్లలో మొత్తం వడ్డీ సుమారు 12,900. ఫ్లాట్‌లో పడింది 24 వేలు. రెండు చోట్లా బోర్డు మీద '10 శాతం' అనే ఉంటుంది. జేబులోంచి పోయేదానిలో మాత్రం తేడా 11 వేలకు పైనే.

మరి 18 శాతం ఎక్కడి నుంచి వచ్చింది?

దీన్ని చిన్న లెక్కతో అర్థం చేసుకోవచ్చు. 12 వేలు అప్పు తీసుకుని నెలకు వెయ్యి చొప్పున అసలు తీరుస్తున్నారనుకోండి. మొదటి నెల బాకీ 12 వేలు, తర్వాత 11 వేలు, 10 వేలు.. చివరి నెల వెయ్యి. ఈ 12 నెలల సగటు తీస్తే 6,500 రూపాయలు. అంటే పేరుకు 12 వేల అప్పు అయినా, ఏడాది మొత్తం మీద చేతిలో ఉన్నది సగటున 6,500 మాత్రమే.

10 శాతం ఫ్లాట్ అయితే దీనికి వడ్డీ 1,200. సగటున వాడుకున్న 6,500 మీద 1,200 వడ్డీ అంటే ఎంత? 18 శాతం పైమాటే. ఫ్లాట్ రేటు దాదాపు డబుల్ అవ్వడానికి కారణం ఇదే. సగం డబ్బు వాడుకుని మొత్తం డబ్బుకు వడ్డీ కడుతున్నారు.

వరంగల్ ఉదాహరణకు కచ్చితమైన రేటు కావాలంటే ఫోన్‌లో ఎక్సెల్ గానీ, గూగుల్ షీట్స్ గానీ ఓపెన్ చేసి ఏదైనా ఒక గడిలో ఇది టైప్ చేస్తే చాలు.

```
=RATE(36,-2889,80000)*12
```

ఇందులో 36 అంటే నెలలు, 2889 అంటే ఈఎమ్ఐ, 80000 అంటే లోన్. ఈఎమ్ఐ ముందు మైనస్ గుర్తు మర్చిపోవద్దు, అది లేకపోతే ఎర్రర్ వస్తుంది. జవాబు 0.1792 అని వస్తుంది. అంటే ఏడాదికి 17.92 శాతం. నెలకు చూసుకుంటే 1.49. షోరూమ్‌లో చెప్పిన 83 పైసలు ఇక్కడ రూపాయిన్నర అయింది.

షీట్లు, ఫార్ములాలు వద్దనుకునేవాళ్లకు ఓ అంచనా ఉంది. చెప్పిన ఫ్లాట్ రేటును 1.8తో గుణిస్తే చాలు. ఒకటి నుంచి మూడేళ్ల బైక్ లోన్లకు ఇది దగ్గరగా సరిపోతుంది. 8 శాతం ఫ్లాట్ అంటే 14.5 దగ్గర, 12 శాతం ఫ్లాట్ అంటే 21 దాటి ఉంటుంది. 'ఫ్లాట్‌కి డబుల్' అని కొందరు చెప్పే లెక్క కాస్త ఎక్కువ చేసి చూపిస్తుంది.

10 చవకా? 14 చవకా?

ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. షోరూమ్‌లో 10 శాతం ఫ్లాట్ అన్నారు. జీతం పడే బ్యాంకు వాళ్లు 14 శాతం రెడ్యూసింగ్ అన్నారు. వినగానే 10 తక్కువ, 14 ఎక్కువ అనిపిస్తుంది. బ్యాంకు చుట్టూ తిరగడం ఎందుకని షోరూమ్ లోన్‌కే ఓకే చెప్పేస్తారు.

ఈఎమ్ఐలు పక్కపక్కన పెట్టి చూడండి. 80 వేలకు 36 నెలలకు, 14 శాతం రెడ్యూసింగ్‌లో ఈఎమ్ఐ 2,734. షోరూమ్‌లో 2,889. నెలకు తేడా 155 రూపాయలు. అంతేగా అనిపించొచ్చు. కానీ 36 నెలలకు అది 5,580 రూపాయలు. 14 శాతమే చవక! రేటు ఎంత అని కాదు, ఏ లెక్కలో రేటు అని అడగాలి.

రెండు ఆఫర్లు పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. లోన్ మొత్తం, నెలల సంఖ్య రెండింటిలోనూ ఒకటే ఉండాలి. 36 నెలల ఈఎమ్ఐని 48 నెలల ఈఎమ్ఐతో పోలిస్తే రెండోదే చవకగా కనిపిస్తుంది. నిజానికి దాని మీద వడ్డీ ఎక్కువ కడతారు.

వాళ్లు చెప్పింది ఫ్లాటా, రెడ్యూసింగా.. ఇలా పట్టేయొచ్చు

కౌంటర్‌లో అడిగితే కొన్నిసార్లు సూటిగా జవాబు రాదు. "మా దగ్గర అందరికీ ఇదే రేటు సార్" అంటారు. అప్పుడు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. ఈఎమ్ఐని నెలలతో గుణించండి. అందులోంచి లోన్ మొత్తం తీసేయండి. మిగిలింది మొత్తం వడ్డీ. దాన్ని సంవత్సరాలతో భాగించి, అది లోన్‌లో ఎంత శాతమో చూడండి.

మన ఉదాహరణలో 2,889 ఇంటూ 36 అంటే 1,04,004. అందులోంచి 80 వేలు తీసేస్తే 24,004. మూడేళ్లకు కాబట్టి ఏడాదికి 8 వేలు. అది 80 వేలలో సరిగ్గా 10 శాతం. వాళ్లు చెప్పిన రేటే తిరిగి వచ్చిందంటే అది ఫ్లాట్ అని ఖాయం. అదే 10 శాతం రెడ్యూసింగ్ అయి ఉంటే ఈ లెక్కలో ఐదున్నర లోపే వస్తుంది. ఒక్క నిమిషం పని ఇది.

ఫీజులు కలిస్తే రేటు ఇంకా పైకి

రూపాయిన్నర దగ్గరే కథ ఆగదు. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ, డాక్యుమెంటేషన్ ఛార్జీలు ఉంటాయి. వీటిని విడిగా కట్టమనొచ్చు, లేదా లోన్‌లోంచే కోసుకోవచ్చు. ఎలాగైనా జేబుకే చిల్లు.

వరంగల్ యువకుడికి ఇవన్నీ కలిపి 3 వేలు పడ్డాయనుకుందాం. అంటే అతనికి నిజంగా ఉపయోగపడిన అప్పు 77 వేలే. ఈఎమ్ఐ మాత్రం 80 వేలకే లెక్కేసిన 2,889. ఇందాకటి ఫార్ములాలో 80000 స్థానంలో 77000 పెట్టి చూడండి.

```
=RATE(36,-2889,77000)*12
```

ఈసారి జవాబు సుమారు 20.7 శాతం. కేవలం 3 వేల ఫీజు రేటును దాదాపు 3 శాతం పెంచేసింది. లోన్ చిన్నదైన కొద్దీ, గడువు తగ్గిన కొద్దీ ఫీజుల దెబ్బ గట్టిగా ఉంటుంది. అందుకే బైక్ లోన్లలో ఫీజును తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంకోటి అడ్వాన్స్ ఈఎమ్ఐ. బండి ఇచ్చే రోజే మొదటి ఈఎమ్ఐ కట్టించుకుంటారు. డబ్బు చేతికి వచ్చిన రోజే 2,889 తిరిగి ఇచ్చేసినట్టు. ఫీజుల సంగతి పక్కన పెట్టి ఈ ఒక్కటే చూసినా 17.92 శాతం కాస్తా 19 దాటుతుంది. లోన్‌తో పాటు అంటగట్టే ఇన్సూరెన్స్ పాలసీలు ఏమైనా ఉంటే వాటి ప్రీమియం కూడా ఇదే లెక్కలోకి తీసుకోవాలి.

మధ్యలో క్లోజ్ చేద్దామంటే షాక్

ఏడాది ఈఎమ్ఐలు సక్రమంగా కట్టాక, కాస్త డబ్బు చేతికొస్తే లోన్ క్లోజ్ చేసేద్దామని చాలామంది అనుకుంటారు. మూడో వంతు గడువు అయిపోయింది కాబట్టి 80 వేలలో మూడో వంతు తీరి, 53 వేల చిల్లర మిగిలి ఉంటుందని లెక్కేసుకుంటారు. తీరా వెళ్తే స్టేట్‌మెంట్‌లో దాదాపు 57,900 అని ఉంటుంది. అక్కడే గొడవలు మొదలవుతాయి.

ఇది మోసం అని కంగారు పడక్కర్లేదు. లోన్ చెప్పడం ఫ్లాట్ రేటులో చెప్పినా, కంపెనీ పుస్తకాల్లో బాకీ మాత్రం అసలు రేటుతో, అంటే 17.92 శాతం రెడ్యూసింగ్‌తో నడుస్తుంది. ఆ లెక్కలో మొదటి ఈఎమ్ఐ 2,889లో వడ్డీకే 1,195 పోతుంది, అసలుకు చేరేది 1,694. మొదటి ఏడాది కట్టిన 34,668లో దాదాపు 12,600 వడ్డీనే. మొత్తం వడ్డీ 24 వేలలో సగానికి పైగా మొదటి 12 నెలల్లోనే వసూలైపోతుంది.

కాబట్టి మధ్యలో క్లోజ్ చేసే ఆలోచన ఉంటే ఎంత ముందు చేస్తే అంత లాభం. 30 ఈఎమ్ఐలు కట్టేశాక క్లోజ్ చేస్తే మిగిలేది పెద్దగా ఉండదు. పైగా ఫిక్స్‌డ్ రేటు బైక్ లోన్లకు అగ్రిమెంట్‌లో ఫోర్‌క్లోజర్ ఛార్జీ రాసి ఉండొచ్చు. ఆ ఛార్జీ ఎంతో, మిగిలే వడ్డీ ఎంతో పక్కపక్కన చూసుకుని నిర్ణయం తీసుకోవాలి.

సంతకానికి ముందు ఈ కాగితం అడగండి

ఇవన్నీ లెక్కేసుకునే ఓపిక లేనివాళ్లకు ఒక దారి ఉంది. రిజర్వ్ బ్యాంక్ 2024 ఏప్రిల్ 15న ఇచ్చిన ఆదేశాల ప్రకారం 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరయ్యే కొత్త రిటైల్ లోన్లకు 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' ఇవ్వాల్సిందే. దీన్నే కేఎఫ్ఎస్ అంటారు. బ్యాంకులకైనా, ఎన్‌బీఎఫ్‌సీలకైనా ఇదే రూల్. లోన్ తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో అది ఉండాలి. అంటే తెలుగులో కావాలని అడగొచ్చు.

అందులో ముందుగా చూడాల్సింది ఏపీఆర్ అనే అంకె. ఫీజులు, ఛార్జీలు కలుపుకుని ఏడాదికి అసలు పడే రేటు అదే. షోరూమ్‌లో 10 అని చెప్పినా, మన ఉదాహరణలోని లోన్‌కు కేఎఫ్ఎస్‌లో ఏపీఆర్ 20 దాటే ఉండాలి. ఏ రెండు లోన్లనైనా పోల్చాలంటే ఈ ఏపీఆర్‌లనే పక్కపక్కన పెట్టాలి. అక్కడ ఫ్లాట్, రెడ్యూసింగ్ అనే గందరగోళం ఉండదు.

కేఎఫ్ఎస్‌తో పాటు నెలనెలా అసలు ఎంత, వడ్డీ ఎంత అని చూపించే షెడ్యూల్ కూడా ఇవ్వాలి. అందులో వడ్డీ గడి పై నుంచి కిందికి తగ్గుతూ ఉంటుంది. 12వ నెల దగ్గర మిగిలిన బాకీ ఎంతో ముందే చూసుకుంటే, క్లోజ్ చేసేటప్పుడు ఆశ్చర్యపోవాల్సిన పని ఉండదు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఏడు రోజులు, అంతకంటే ఎక్కువ గడువు ఉన్న లోన్లకు కేఎఫ్ఎస్ ఇచ్చాక ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు ఆ ఆఫర్ చెల్లుబాటులో ఉండాలి. "ఈ రోజే సంతకం పెట్టకపోతే రేటు మారిపోతుంది" అని తొందరపెడితే ఈ మాట గుర్తు చేయొచ్చు. కేఎఫ్ఎస్‌లో లేని ఫీజును, లోన్ తీసుకున్నవాళ్ల స్పష్టమైన అనుమతి లేకుండా తర్వాత వసూలు చేయడానికి కూడా వీల్లేదు.

కేఎఫ్ఎస్ ఇవ్వకపోయినా, అందులో లేని ఛార్జీలు వేసినా ముందు ఆ బ్యాంకుకు గానీ, ఫైనాన్స్ కంపెనీకి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. షోరూమ్‌లో కూర్చున్న ఏజెంట్‌కు నోటిమాటగా చెప్తే లెక్కలోకి రాదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు. దానికి డబ్బులేమీ కట్టక్కర్లేదు.

ఒక్కటి మాత్రం క్లియర్‌గా తెలుసుకోవాలి. రేటు ఎక్కువగా ఉందనో, ఫ్లాట్‌లో చెప్పారనో సంతకం పెట్టిన అగ్రిమెంట్ దానంతటదే రద్దయిపోదు. ఈఎమ్ఐ ఆపేస్తే పెనాల్టీలు పడతాయి, సిబిల్ స్కోర్ దెబ్బతింటుంది. బేరం ఆడాల్సిందైనా, వద్దని లేచి రావాల్సిందైనా సంతకానికి ముందే. "వడ్డీ ఎంత" అని కాకుండా "ఏపీఆర్ ఎంత" అని అడిగితే టేబుల్ అవతల ఉన్నవాళ్లకు కూడా విషయం అర్థమైపోతుంది.